సంగీత దర్శకుడు లేని ఉత్కంఠ: స్క్రిప్టులోనే శబ్దం

ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన జర్మన్ చిత్రం ‘ఎమ్’లో నేపథ్య సంగీతం లేదు. హంతకుడు ఈలగా వేసే గ్రీగ్ బాణీయే ఆ పని చేస్తుంది. ఈల మొదట మామూలుగా వినిపిస్తుంది, తర్వాత దాన్ని వింటేనే భయం పుడుతుంది. చివరికి ఒక అంధుడు హంతకుణ్ణి గుర్తుపట్టేది ఆ ఈలతోనే.

బడ్జెట్ లేని లఘుచిత్రానికీ ఇదే దారి: కథలోని వస్తువు నుంచే పుట్టే ఒక శబ్దాన్ని ఎంచుకోవాలి. ఉదాహరణకు, రాత్రి ఇంట్లో ఒంటరిగా ఉన్న అమ్మాయి కథలో పాత సీలింగ్ ఫ్యాన్ కిర్రుమంటుంది. మొదటి సీనులో రచయిత ఆ శబ్దాన్ని ఒక్క వాక్యంలో రాస్తాడు, ఆమె పట్టించుకోదు. మూడో సీనులో ఇలా ఉంటుంది: “కరెంటు పోతుంది. ఫ్యాన్ ఆగుతుంది. నిశ్శబ్దం, ఐదు సెకన్లు. హాల్లోంచి అదే కిర్రు.” హాల్లో ఉయ్యాల ఊగుతోంది. ఆ ఐదు సెకన్లు కాగితంపై లేకపోతే ఎడిటింగులో కోతకు గురవుతాయి. “భయానక సంగీతం” అని రాస్తే మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు.

సంభాషణలు తీసేటప్పుడు ఫ్యాన్ ఆపాలి, లేకుంటే ప్రతి కట్ దగ్గరా శబ్దం తెగుతుంది. అందుకే తిరిగే రెక్కలు ఆ షాట్లలో కనిపించకుండా ముందే రాసుకోవాలి. కిర్రు విడిగా రికార్డు చేయాలి. అందరూ కదలకుండా ఉండగా ఖాళీ గది ధ్వనిని ఒక నిమిషం పట్టుకోవాలి. అది లేని నిశ్శబ్దం స్పీకరు చెడిపోయినట్టు వినిపిస్తుంది.

గ్రీగ్ బాణీకి ఇప్పుడు కాపీరైట్ లేదు. కానీ ఎవరో వాయించిన రికార్డింగుకు ఉండొచ్చు, కాబట్టి నటుడే ఈల వేయడం క్షేమం.