కొట్టు లెక్కలు, కంపెనీ కొలతలు

పన్నెండేళ్లు కిరాణా కొట్టు నడిపిన మనిషి కంపెనీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు చేయి ఆగేది తన గురించి నాలుగు వాక్యాల బయో రాయమన్న చోట. చాలామంది అక్కడ ఇలా రాస్తారు: ‘సొంత వ్యాపారం విజయవంతంగా నడిపాను. కష్టపడే తత్వం, నిజాయితీ ఉన్నాయి. కస్టమర్లతో మంచి సంబంధాలున్నాయి.’ ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఎదురుగా కూర్చున్న సేల్స్ మేనేజరుకు దీనివల్ల తెలిసేదీ ఏమీ లేదు. పాన్ షాపు నడిపినవాడూ, బంగారం షాపు నడిపినవాడూ ఇవే వాక్యాలు రాసుకోవచ్చు.

ఒక ఊహాజనితమైన ఉదాహరణ తీసుకుని వివరంగా చూద్దాం. నంద్యాలలో ఒకాయన కొట్టు. సగటున రోజుకు 18 వేల అమ్మకం, అంటే నెలకు 5 లక్షల 40 వేలు, ఏడాదికి దాదాపు 65 లక్షలు. సరుకు కొనుగోలుకు ఏటా 58 లక్షలు పోతుంది. ఆయన దరఖాస్తు పెడుతున్నది సబ్బులు, బిస్కెట్లు, టీపొడి అమ్మే ఒక కంపెనీలో ఏరియా సేల్స్ ఉద్యోగానికి. డిస్ట్రిబ్యూటర్ల దగ్గర సరుకు సరిగ్గా తిరుగుతోందా, వాళ్ల సేల్స్‌మన్లు బీట్ ప్రకారం షాపులకు వెళ్తున్నారా, బాకీలు పేరుకుపోతున్నాయా అని చూసుకోవడమే ఆ పని. మన కొట్టాయన పన్నెండేళ్లుగా ఈ వ్యవహారమంతా కౌంటర్ ఇవతలి నుంచి చూస్తూనే ఉన్నాడు. దాన్ని ఆ కంపెనీవాళ్ల కొలతల్లో చెప్పగలిగితే చాలు.

ముందు స్టాకు సంగతి. ‘స్టాకు బాగా చూసుకుంటాను’ అంటే ఎవరూ నమ్మరు, కాదనరు కూడా. కొట్లో సగటున ఎంత విలువైన సరుకు ఉంటుందో, అది ఏడాదిలో ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పాలి. మూడేళ్ల కిందట ఈయన దగ్గర ఎప్పుడు చూసినా 7 లక్షల సరుకు ఉండేది. ఏటా కొనే 58 లక్షలను 7తో భాగిస్తే ఎనిమిది సార్ల పైచిలుకు, అంటే ఒక్కో విడత సరుకు అమ్ముడుపోవడానికి 44 రోజులు. కారణం ఆయనకు తెలుసు. నెలాఖరులో టార్గెట్ కోసం సేల్స్‌మన్ స్కీము చూపించి పెట్టెలు దించి వెళ్లేవాడు. పదికి ఒకటి ఫ్రీ అని తీసుకున్న షాంపూ సీసాలు ఎక్స్‌పైరీ దగ్గరపడే దాకా అటకమీదే ఉండేవి. తర్వాత స్కీము ఉన్నా లేకపోయినా వారానికి సరిపడా మాత్రమే తీసుకోవడం, కదలని రకాలు మానేయడం మొదలుపెట్టాడు. సగటు నిల్వ 5 లక్షలకు దిగింది, అమ్మకం తగ్గలేదు. 44 రోజులు కాస్తా ఒక నెలకు వచ్చాయి. రెండు లక్షలు అటకమీది నుంచి చేతికొచ్చాయి.

ఈ మార్పును కంపెనీవాళ్లు ఇన్వెంటరీ డేస్ అనే కొలతతో చూస్తారు. బయోలో ఆ మాట రాసినా రాయకపోయినా పర్వాలేదు. ముందెంత, తర్వాతెంత, మధ్యలో ఏం చేశాడు అన్న మూడూ ఉండాలి. అంకె ఒక్కటే రాస్తే అది ఎలా వచ్చిందని అడిగినప్పుడు నీళ్లు నమలాల్సి వస్తుంది.

అరువు ఖాతా కూడా ఇంతే. కొట్టువాళ్లు దీన్ని దాచుకుంటారు, ఏదో చేతకానితనం అన్నట్టు. నిజానికి సేల్స్ ఉద్యోగంలో సగం తలనొప్పి బాకీలదే. ఈయన నెలకు 1 లక్షా 80 వేల సరుకు అరువిస్తాడు. ఒకప్పుడు బయట ఉండిపోయిన బాకీ 2 లక్షల 40 వేలు, అంటే 40 రోజుల అరువు. కుటుంబానికి 3 వేలు మించకుండా పరిమితి పెట్టి, జీతాలు పడే మొదటి వారంలోనే వసూలు చేసుకోవడంతో అది 90 వేలకు, అంటే 15 రోజులకు తగ్గింది. ఈ పద్ధతి పెట్టాక ఒకరిద్దరు అలిగి వేరే కొట్టుకు పోయే ఉంటారు. ఇంటర్వ్యూలో అదీ చెప్పాలి. నష్టమేమీ లేకుండా అంతా బాగుపడిందంటే అనుభవమున్న మేనేజరు నమ్మడు.

అయితే ఉద్యోగం ఇచ్చేవాళ్ల మనసులో పైకి అడగని రెండు అనుమానాలుంటాయి. ఇన్నాళ్లూ తన మాటే నెగ్గించుకున్న మనిషి ఒకరి కింద పనిచేస్తాడా? ఆరు నెలలకే మళ్లీ కొట్టు తెరుచుకుని వెళ్లిపోతాడా? మొదటిదానికి జవాబు చాలా కొట్లలో ముందే ఉంటుంది. కంపెనీల డిస్‌ప్లే స్కీము ఒప్పుకున్న షాపు వాళ్లు చెప్పిన అరలో, వాళ్లు చెప్పిన వరసలో సరుకు పెట్టాలి. వాళ్ల మనిషి వచ్చి ఫొటో తీసుకున్నాకే డబ్బు వస్తుంది. నాలుగేళ్లు ఆ స్కీము తప్పకుండా నడిపానంటే, ఇంకొకరి నియమాల ప్రకారం పనిచేశానని చెప్పినట్టే. రెండోదానికి ఒక్క వాక్యం చాలు: కొట్టు ఎవరికి అప్పగించారు, ఎప్పుడు. పక్కన పెద్ద సూపర్‌మార్కెట్ వచ్చి గిరాకీ తగ్గిందన్నది నిజమైతే ఇంటర్వ్యూలో అడిగినప్పుడు చెప్పవచ్చు, బయోలో ఏకరువు పెట్టనక్కర్లేదు. కొట్టు ఇంట్లోవాళ్ల పేరు మీద నడుస్తూనే ఉంటే మాత్రం దాచవద్దు. చాలా కంపెనీలు నియామక పత్రంలో వేరే వ్యాపారం ఉండకూడదని షరతు పెడతాయి.

హోదా దగ్గర కొందరు తెలివి చూపించబోయి బోల్తా పడతారు. ఒక్క సహాయకుడున్న కొట్టుకు ‘ఫౌండర్ అండ్ సీఈఓ’ అని రాసుకుంటే చదివేవాడు నవ్వుకుని మిగతాదీ అనుమానంగా చూస్తాడు. ప్రొప్రయిటర్ అంటే చాలు. కాగితాల మీద ఉన్నదీ అదే.

ఇవన్నీ కలిపితే బయో ఇలా ఉంటుంది:

‘నంద్యాలలో ఏటా 65 లక్షల అమ్మకాలున్న కిరాణా షాపును ప్రొప్రయిటరుగా 12 ఏళ్లు నడిపాను. వారానికి సరిపడా ఆర్డర్ పెట్టే పద్ధతితో స్టాకు నిల్వను 44 రోజుల నుంచి నెలకు, పరిమితి పెట్టి అరువు బాకీని 40 రోజుల నుంచి 15 రోజులకు తగ్గించాను. నాలుగేళ్లు కంపెనీ డిస్‌ప్లే స్కీమును తప్పకుండా అమలు చేశాను. నెలాఖరులో దించిన సరుకు షాపులో ఎందుకు ఆగిపోతుందో దగ్గరగా చూశాను. ఈ మార్చిలో షాపును తమ్ముడికి అప్పగించాను. నంద్యాల, కర్నూలు ప్రాంతంలో ఏరియా సేల్స్ ఉద్యోగం కోరుతున్నాను.’

దరఖాస్తులో దీన్ని ఇంగ్లిషులో రాయాల్సి రావచ్చు. అప్పుడూ వాక్యాలు ఇంతే పొట్టిగా ఉండాలి. ‘డైనమిక్’, ‘రిజల్ట్ ఓరియెంటెడ్’ లాంటి మాటలు కలిపితే పై అంకెలు మరుగున పడతాయి.

ఇక కాగితాలు. ఉద్యోగి అయితే పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్ చూపిస్తాడు. కొట్టువాడికి అవి ఉండవు కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్, ఐటీ రిటర్నులు, ఆహార లైసెన్సు, కరెంటు ఖాతా స్టేట్‌మెంటే సాక్ష్యం. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. బయోలో 65 లక్షలని రాసి, రిటర్నుల్లో 38 లక్షలు చూపించి ఉంటే తనిఖీలో ఆ తేడా బయటపడుతుంది. అప్పుడు ఏది అబద్ధమన్నా ఇబ్బందే. జీతం బేరానికీ ఇదే ముడి. పాత జీతమెంత అని అడిగితే కొట్టువాడు చూపించగలిగేది ఐటీ రిటర్నులోని ఆదాయమే. చిన్న వ్యాపారులు ఎక్కువగా వాడుకునే అంచనా ఆదాయ పద్ధతి కింద నగదు అమ్మకాల మీద కనీసం 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదాని మీద 6 శాతం లాభంగా చూపిస్తే చాలు. 65 లక్షల అమ్మకంలో నగదు, బ్యాంకు సగం సగమైతే అది సుమారు నాలుగున్నర లక్షలు. అసలు సంపాదన అంతకంటే ఎక్కువే అని నోటితో చెప్పి జీతం పెంచుకోవడం కష్టం.

కాబట్టి బయో పంపే ముందు గత మూడేళ్ల జీఎస్టీ, ఐటీ రిటర్నులు పక్కన పెట్టుకుని, రాసిన ప్రతి అంకెనూ వాటితో సరిచూసుకోండి. కాగితం ఒప్పుకోని అంకె ఎంత గొప్పదైనా తీసేయండి.