హుస్సేన్ ఖాన్‌ను కుట్టిన దోమలు

సికింద్రాబాద్‌లో బీఎస్సీ చదువుతున్న మా మేనకోడలు సెమినార్‌కి మలేరియా పరాన్నజీవి జీవితచక్రాన్ని ఎంచుకుంది. మొదటి స్లైడ్ చూపించింది. గామెటోసైట్, ఊకినీట్, ఊసిస్ట్, స్పోరోజోయిట్: బాణాలతో గుండ్రంగా తిరిగే పేర్లు. "ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు మామయ్యా" అంది. "బేగంపేటలో మొదలుపెట్టు, మీ కాలేజీకి దగ్గరే కదా" అన్నాను. ఇద్దరం కూర్చుని రాసుకున్న ప్రారంభ ప్రసంగం ఇది. నెమ్మదిగా చదివినా రెండు నిమిషాలకు మించదు.

"అందరికీ నమస్కారం. 1897 ఆగస్టు నెల. బేగంపేట సైనిక ఆసుపత్రిలో రోనాల్డ్ రాస్ అనే వైద్యుడు దోమల పొట్టలు కోసి చూస్తున్నాడు. పంకా ఊపనివ్వడు, గాలికి కోసిన దోమ ఎగిరిపోతుందని. రెండేళ్లుగా వెతుకుతున్నా దొరికింది ఏమీ లేదు. ఇప్పుడు ఆయన దగ్గర కొత్త రకం దోమలున్నాయి, రెక్కల మీద మచ్చలున్నవి. ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని ఆ పెంచిన దోమల చేత కుట్టించాడు. దోమకు ఒక అణా చొప్పున పది దోమలకు పది అణాలు ఇచ్చాడు. నాలుగు రోజుల తర్వాత, 20వ తేదీన ఒక దోమను కోశాడు. పొట్ట గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో నల్లటి గింజలున్నాయి. మర్నాడు ఇంకో దోమను కోశాడు. అవే కణాలు, కానీ నిన్నటికంటే పెద్దవి. ఆ కణాలు ఏమిటి? హుస్సేన్ ఖాన్ రక్తంలోంచి అక్కడికి ఎలా వచ్చాయి? అక్కడి నుంచి ఎటు వెళ్తాయి? ఈ మూడు ప్రశ్నలకు జవాబే ఈనాటి నా సెమినార్."

ఇందులో ఒక్క శాస్త్రీయ నామం కూడా లేదు. అయినా వాదం మొత్తం ఉంది. అందుకు కారణం ఆ నల్లటి గింజలు. పరాన్నజీవి మన ఎర్ర రక్తకణంలో చేరి హిమోగ్లోబిన్‌ను తింటుంది. దానికి అరగని, ఇనుముతో కూడిన భాగం నల్లటి గింజలుగా మిగిలిపోతుంది. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే వైద్యుడు రోగుల రక్తంలో చూసిన పరాన్నజీవిలో ఇవే గింజలున్నాయి. దోమ సొంత కణాల్లో ఇవి ఉండవు. అంటే పొట్ట గోడలో కనిపించింది దోమది కాదు, రోగి రక్తంతో వచ్చినది. దాని అడ్డుకొలత దాదాపు 12 మైక్రాన్లు. ఎర్ర రక్తకణం 7, 8 మైక్రాన్లే ఉంటుంది. మర్నాటికి ఇంకా పెరిగిందంటే అది ప్రాణమున్నదే. ఒక్క దోమతో ఆగిపోయి ఉంటే ఈ సంగతి తెలిసేది కాదు.

మా మేనకోడలు తీసేయబోతే నేను ఆపిన వివరం ఇంకొకటుంది. ఆ దోమలను రాస్ బయట పట్టి తేలేదు, నీళ్లలోని దోమ లార్వాల నుంచి పెంచాడు. బయట పట్టిన దోమ అంతకుముందు ఎవరిని కుట్టిందో ఎవరికి తెలుసు? పెంచిన దోమ తాగిన మొదటి రక్తం హుస్సేన్ ఖాన్‌దే. "పెంచిన దోమలు" అన్న మాట ప్రసంగంలో కలపమన్నాను, కలిపింది.

ఒక్కచోట మాత్రం గట్టిగా అడ్డుపడ్డాను. "దోమకాటుతో మలేరియా వస్తుందని సికింద్రాబాద్‌లో రుజువైంది" అని ఆమె చివర రాసుకుంది. కథ అందంగా ముగుస్తుంది గానీ అది నిజం కాదు. ఇక్కడ తేలింది సగమే: పరాన్నజీవి మనిషి నుంచి దోమలోకి వెళ్లి, అక్కడ పెరుగుతుందని. దోమ నుంచి బయటికి ఎలా వస్తుందో అప్పటికి రాస్‌కూ తెలియదు. దోమలు పడిన నీళ్లు తాగడం వల్ల మలేరియా వస్తుందేమోనని ఆయన మొదట్లో మనుషుల చేత అలాంటి నీళ్లు తాగించి కూడా చూశాడు. 1898లో కలకత్తాలో, పక్షుల మలేరియా మీద పనిచేస్తూ, పరాన్నజీవులు దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరడం చూశాకే కాటు సంగతి తేలింది. మనుషుల మలేరియాలో, అనాఫిలిస్ దోమల్లో ఆ చక్రాన్ని పూర్తిగా చూపినది ఇటలీకి చెందిన గ్రాసీ, ఆయన సహచరులు. అందుకే "అక్కడి నుంచి ఎటు వెళ్తాయి?" అన్నది ప్రసంగంలో ప్రశ్నగానే ఉండిపోయింది.

బాణాల స్లైడ్ ఇప్పుడు చివరికి వెళ్లింది. మొదటి స్లైడ్‌లో రెండే వృత్తాలున్నాయి, పక్కపక్కనే, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, రెండింటిలోనూ నల్లటి చుక్కలు. కింద తేదీలు: ఆగస్టు 20, ఆగస్టు 21. ప్రసంగం అయ్యాక ఆమె ఒక్క మీట నొక్కుతుంది. అప్పుడు వృత్తాల పైన మొదటి కొత్త పదం కనిపిస్తుంది: ఊసిస్ట్.