అభినందన లేఖలో అట్టపెట్టెల వ్యాపారి ఏం రాయాలి?

పంపులు తయారుచేసే ఓ చిన్న కంపెనీకి ఐఎస్ఓ 9001 సర్టిఫికెట్ వచ్చిందనుకుందాం. ఏళ్ల తరబడి దానికి అట్టపెట్టెలు సరఫరా చేస్తున్న వ్యాపారి అభినందనలు చెప్పాలి. జీడిమెట్లలోనైనా విజయవాడ ఆటోనగర్‌లోనైనా ఇలాంటి సందర్భాల్లో ఎక్కువగా వెళ్లేది వాట్సాప్‌లో పూలగుత్తి బొమ్మే. కాస్త పద్ధతి పాటించేవారు లెటర్‌హెడ్ తీసి, ‘మీ పంపులకు ఐఎస్ఓ సంస్థ సర్టిఫికెట్ ఇచ్చినందుకు సంతోషం’ అని రాస్తారు. మర్యాదకు లోటు లేదు గానీ, ఆ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయి.

జెనీవాలో ఉన్న ఐఎస్ఓ ప్రమాణాలు రాస్తుందే తప్ప ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. ఆ పని వేరే ధ్రువీకరణ సంస్థలది. మన దేశంలో ఆ సంస్థల అర్హతను పరిశీలించి గుర్తింపునిచ్చేది ఎన్ఏబీసీబీ. ఇక రెండో తప్పు. ఈ సర్టిఫికెట్ పంపుకి రాదు, కంపెనీ పని నడిపే పద్ధతికి వస్తుంది. ఆడిట్‌కి వచ్చినవాళ్లు పంపు ఎన్ని లీటర్లు తోడుతుందో పరీక్షించి మార్కులు వేయరు. ఆర్డరు ఎలా రాసుకుంటున్నారు, కొలిచే పరికరాలను ఎప్పుడు సరిచూశారు, ఫిర్యాదు వస్తే ఏం చేశారు అని రికార్డులు తీయిస్తారు, షాపులోకి వెళ్లి పనివాళ్లను అడుగుతారు. వస్తువుకే దక్కే గుర్తు కావాలంటే అది భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చే ఐఎస్ఐ మార్కు. ఆ దారి వేరు.

అసలు సరఫరాదారు అభినందనకు మిగతావాళ్ల మాటకు లేని విలువ ఒకటుంది. ఆ ఆడిట్‌లో అతని పెట్టె కూడా ఉంది. 2015 నాటి ఐఎస్ఓ 9001లో 8.4 అనే భాగం బయటినుంచి కొనే సరుకు గురించే. సరఫరాదారును ఏ లెక్కన ఎంచుకున్నారు, అతని పనితీరును ఎలా చూస్తున్నారు, కావలసింది ఏమిటో అతనికి స్పష్టంగా చెప్పారా అన్నవి అందులో అడుగుతారు. వానాకాలంలో అట్ట తేమ పీల్చి, గోడౌన్‌లో పేర్చిన పెట్టెల్లో అడుగు వరుస కుంగిపోయిందనుకోండి. స్టోర్స్‌లో తేమ కొలిచి, ఏ లాటులో ఎంత ఉందో రాసి వ్యాపారికి పంపితే, అతను లోపం ఎక్కడుందో వెతికి సరిచేస్తే, ఆ కాగితాలన్నీ 8.4కి సాక్ష్యాలే. లేఖలో రాయాల్సింది ఇదీ. బయటి పొగడ్తలు ఎవరైనా రాయగలరు.

అలాంటి లేఖ ఇలా ఉండొచ్చు:

‘మేనేజింగ్ డైరెక్టర్ గారికి, నమస్కారం. పంపుల తయారీ, అమ్మకాలకు సంబంధించిన మీ నాణ్యతా నిర్వహణ పద్ధతికి ఐఎస్ఓ 9001 సర్టిఫికెట్ వచ్చిందని తెలిసి మా అందరికీ చాలా సంతోషమైంది. మొన్నటి వానాకాలంలో పెట్టెలు కుంగినప్పుడు మీ స్టోర్స్ వారు తేమ లెక్కలతో సహా ఫిర్యాదు పంపారు. ఆ లెక్కలు చూశాకే మా గోడౌన్‌లో చెక్క పలకల మీద పేర్చడం మొదలుపెట్టాం. స్టోర్స్, క్వాలిటీ విభాగాల వారికి మా అభినందనలు ప్రత్యేకంగా తెలియజేయగలరు.’

చాలు. ఏ పనికి సర్టిఫికెట్ వచ్చిందో ఆ మాటను సర్టిఫికెట్‌లోని ‘స్కోప్’ వరుస చూసి రాయాలి. రావలసిన బిల్లులు, రేటు పెంపు ఇందులోకి రాకూడదు. వాటికి వేరే ఉత్తరం, వేరే రోజు.

అయితే పెట్టెల వ్యాపారికి ఈ శుభవార్త వెనకే ఓ చిక్కు వస్తుంది. ‘వచ్చే లాటు నుంచి పెట్టె మీద సర్టిఫికెట్ గుర్తు పెద్దగా వేసెయ్యండి’ అని కంపెనీ నుంచి ఫోను రావచ్చు. ధ్రువీకరణ సంస్థలు పాటించే ఐఎస్ఓ/ఐఈసీ 17021-1 దీన్ని ఒప్పుకోదు. ఆ గుర్తు వస్తువు మీదా, దాని ప్యాకింగ్ మీదా ఉండకూడదు. కొన్నవాళ్లు పంపుకే సర్టిఫికెట్ వచ్చిందనుకుంటారు గనక. కావాలంటే ఒక వాక్యం మాత్రం వేసుకోవచ్చు. అందులో కంపెనీ పేరో బ్రాండో, ఏ పద్ధతికి ఏ ప్రమాణం కింద సర్టిఫికెట్ వచ్చిందో, ఎవరిచ్చారో ఉండాలి. సరుకుకే సర్టిఫికెట్ ఉందన్న అర్థం రాకూడదు. ‘ఐఎస్ఓ సర్టిఫైడ్ పంపు’ అని వేస్తే తప్పే. ఐఎస్ఓ సొంత లోగో అయితే అసలే వాడకూడదు.

కాబట్టి ప్రింటింగ్ బ్లాకు చేయించేముందు, ఆ వాక్యాన్ని ధ్రువీకరణ సంస్థకు చూపించి రాతపూర్వకంగా ఒప్పించుకోమని కంపెనీని అడగడం వ్యాపారికే మంచిది. ఏడాది సరిపడా పెట్టెలు ఒకేసారి అచ్చు వేయకపోవడం కూడా మంచిదే. సర్టిఫికెట్ గడువు సాధారణంగా మూడేళ్లు. మధ్యలో ఏటా తనిఖీ ఉంటుంది. అందులో పెద్ద లోపం దొరికి సర్టిఫికెట్‌ను నిలిపేస్తే, ఆ వాక్యం ఉన్న పెట్టెలు గోడౌన్‌లో ఎన్ని మిగిలినా వాడటానికి వీల్లేదు. వాటి ఖర్చు ఎవరిదన్న తగువు అప్పుడు మొదలవుతుంది. అందుకే ఆ సంగతి కొనుగోలు ఆర్డరులోనే రాయించుకోవాలి.