ఫొటోలో జవాబు, చేతిలో కీ లేదు

విద్యార్థి జవాబు పత్రం ఫొటో వాట్సాప్‌లో వచ్చింది, కీ మాత్రం రాలేదు. అప్పుడు ముందుగా లెక్క మనమే చేసి, మార్కులను మెట్లుగా విడగొట్టుకోవాలి. ఆ తర్వాతే ఫొటో తెరవాలి. ముందే చూస్తే పిల్లాడి దారే సరైన దారిలా అనిపిస్తుంది.

పదో తరగతి లెక్క ఒకటి తీసుకుందాం. కుంభాకార కటకం నాభ్యంతరం 20 సెం.మీ., వస్తువు 30 సెం.మీ. దూరంలో ఉంది. ప్రతిబింబ దూరం ఎంత? 4 మార్కులు. సూత్రం 1/v − 1/u = 1/f. సూత్రానికి 1, గుర్తుతో విలువలు వేసినందుకు 1, గణనకు 1, ప్రమాణంతో జవాబుకు 1. u = −30 కాబట్టి v = 60 సెం.మీ.

పిల్లాడి జవాబు 12 సెం.మీ. ఫొటోలో 30 ముందు సన్నటి గీత కనిపిస్తోంది. అది మైనస్సా, కాగితం మడతా? జూమ్ చేసి, అతను వేరేచోట రాసిన మైనస్‌తో పోల్చాలి. కింది వరుసలో 1/v = 1/20 + 1/30 అని ఉంది. మడతైతే గుర్తు మరిచిపోయాడు, మైనసైతే పక్షం మార్చడంలో తడబడ్డాడు. ఎలా చూసినా తప్పు ఒక్కటే. ఆ తర్వాతి కూడిక సరిగ్గానే ఉంది, ప్రమాణమూ రాశాడు. కాబట్టి 3 ఇవ్వాలి. చివరి అంకె కలవలేదని సున్నా వేయడం అన్యాయం.

మెట్లేవీ లేకుండా 12 అని మాత్రమే రాస్తే మార్కుకు ఆధారమే లేదు. అంచు కోసుకుపోయి వరుసలు కనబడకపోతే మాత్రం ఊహించకండి, మళ్లీ ఫొటో తీసి పంపమనండి.