లోపం చెప్పినా స్పాన్సర్ నిలవాలంటే

అన్‌బాక్సింగ్ వీడియోల్లో లోపాల వంతు సాధారణంగా చివర్లో వస్తుంది. "చిన్న చిన్న మైనస్‌లు ఉన్నాయి గానీ, ఈ ధరకి పర్లేదు ఫ్రెండ్స్" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. ఆ మాటతో చూసేవాళ్లకి తెలిసేది ఏమీ లేదు. డబ్బిచ్చిన కంపెనీకి మాత్రం పేరు లేని మచ్చ ఒకటి అంటుకుంటుంది. ఏ లోపం, ఎప్పుడు బయటపడుతుంది, ఎవరికి అడ్డొస్తుంది అన్నది విడమరిచి చెబితే ఇద్దరికీ మేలు.

ఒక పవర్ బ్యాంక్‌నే తీసుకుందాం. డబ్బా మీద 10,000 ఎంఏహెచ్ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఫోన్ రెండుసార్లు నిండుతుందని కొనేవాళ్లు లెక్క వేసుకుంటారు. అలా నిండదు. ఆ అంకె లోపలి సెల్స్‌ది, వాటి వోల్టేజీ దాదాపు 3.7. ఫోన్‌కి వెళ్లేది 5 వోల్టులు. అదే శక్తిని 5 వోల్టుల దగ్గర కొలిస్తే 7,400 ఎంఏహెచ్ అవుతుంది. అందులోనూ కొంత సర్క్యూట్‌లో వేడిగా పోయి, బయటికి 6,000 పైచిలుకు వస్తే మంచి సరుకే. డబ్బా వెనక "రేటెడ్ కెపాసిటీ" అని సన్నటి అక్షరాల్లో ఉండేది ఈ అంకే. దీన్ని మోసమని కెమెరా ముందు అరిస్తే కంపెనీకి కోపం రావడం న్యాయమే. అలాగని దాటేస్తే కొన్నవాళ్లకి అన్యాయం. స్క్రిప్ట్‌లో ఇలా రాయొచ్చు: "ఏ పవర్ బ్యాంక్‌లోనైనా ఇంతే. దీంతో మీ ఫోన్ ఒకసారి పూర్తిగా నిండి, ఆ పైన మూడో వంతు దాకా ఎక్కుతుంది. రెండుసార్లు మాత్రం ఎక్కదు."

అసలు లోపం వేరే చోట ఉండొచ్చు. డబ్బా మీద 22.5 వాట్ల ఫాస్ట్ చార్జింగ్ అని ఉంది, రెండు పోర్టులు ఉన్నాయి. ఒక ఫోన్ పెట్టినప్పుడు యూఎస్‌బీ మీటర్ 9 వోల్టులు చూపిస్తోంది. రెండో కేబుల్ గుచ్చగానే రెండు పోర్టులూ 5 వోల్టులకి పడిపోతున్నాయి. ఇది చూడగానే వీడియో తీసేయకూడదు. కేబుల్ నాసిరకమైనా వేగం పడిపోతుంది కాబట్టి కేబుల్ మార్చి చూడాలి, ఫోన్ మార్చి చూడాలి, వీలైతే అదే మోడల్ ఇంకొకటి తెప్పించి చూడాలి. అప్పటికీ అంతే అయితే, మీటర్ ఫొటోలు జతచేసి కంపెనీకి ఒక్క ప్రశ్న పంపాలి: "ఇది డిజైనే ఇంతా, మాకొచ్చిన పీసుల్లో తేడానా?"

స్పాన్సర్ నమ్మకం నిలిచేది ఈ ఉత్తరం దగ్గరే. లోపం బయటపడినందుకు కంపెనీ వాళ్లు అంతగా బాధపడరు. అందరితో పాటు తామూ వీడియోలోనే చూసి తెలుసుకోవాల్సి వస్తే బాధపడతారు. డిజైనే ఇంత అని జవాబొస్తే స్క్రిప్ట్ ఇలా నడుస్తుంది: "ఒక ఫోన్‌కైతే వేగం చెప్పినంతా వచ్చింది. రెండు ఫోన్లు కలిపి పెడితే రెండూ మామూలు వేగానికి పడిపోతాయి. డిజైనే ఇంత అని కంపెనీ కూడా చెప్పింది. రైల్లో ఇద్దరు కలిసి వాడుకుందాం అనుకుంటే మీకు ఇది చాలదు. ఒక్కరే వాడుకునేవాళ్లకి ఇబ్బంది లేదు." ఈ మాటల్ని ఫాస్ట్ చార్జింగ్ గురించి చెప్పే చోటే పెట్టాలి. మెచ్చుకోలు ఒక చోట, లోపం పది నిమిషాల తర్వాత ఇంకో చోట పెట్టడం నాకు దాచడం లాగే కనిపిస్తుంది.

ఇదంతా సాఫీగా జరగాలంటే డబ్బు చేతులు మారకముందే ఒప్పందంలో ఒక వాక్యం ఉండాలి: కంపెనీ స్క్రిప్ట్ చూడొచ్చు, అంకెల్లో తప్పుంటే దిద్దొచ్చు, అభిప్రాయాన్ని మార్చమనకూడదు. "మెల్లగా ఎక్కుతుంది" అన్న మాట తీసేయమంటే కుదరదు. "ఎన్ని వాట్లో కచ్చితంగా రాయండి" అంటే సంతోషంగా ఒప్పుకోవాలి.

చట్టం కూడా రివ్యూ చేసేవాళ్ల మీద బాధ్యత పెట్టింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, తప్పుదోవ పట్టించే ప్రకటనకి దాన్ని సమర్థించినవాళ్ల మీద కూడా 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. డబ్బులైనా, ఉచితంగా వచ్చిన వస్తువైనా, ఆ సంగతి బయటికి చెప్పాలని కేంద్రం 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. అందుకే డబ్బా సీలు తెంచకముందే, మొదటి మాటల్లోనే "ఈ వీడియోకి కంపెనీ డబ్బిచ్చింది, స్క్రిప్ట్ మాత్రం మాది" అని నోటితో చెప్పడం మంచిది. చాలామంది వీడియో కింద రాసిన వివరాలు తెరవనే తెరవరు.

ఇన్ని చేసినా, లోపం ఉన్న ముక్క కోసేయమని పట్టుబట్టే కంపెనీలు ఉంటాయి. పరీక్షకి పట్టిన సమయానికి కొంత ఫీజు, వీడియో బయటికొచ్చాక మిగతాది అని ముందే రెండు భాగాలుగా మాట్లాడుకుంటే, ఆ రెండో భాగం వదులుకుని గొడవ లేకుండా తప్పుకోవచ్చు. వీడియో బయటికొస్తే మాత్రం పరీక్షించిన పీసు తయారీ నెల, బ్యాచ్ నంబరు స్క్రీన్ మీద చూపించాలి. కంపెనీ రేపు ఆ సర్క్యూట్ మార్చినా, పాత లోపాన్ని కొత్త సరుకుకి ఎవరూ అంటగట్టలేరు.