కంటి శిబిరం తర్వాత దాతలకు రాసే ఉత్తరం

ఊళ్లో ఉచిత కంటి శిబిరానికి డబ్బిచ్చిన సంఘానికి, అది కాలనీ సంఘమైనా, లయన్స్ క్లబ్ అయినా, విదేశంలోని తెలుగు సంఘమైనా, శిబిరం నడిపినవారు కృతజ్ఞతతో ఒక ఉత్తరం రాస్తారు. అందులో అసలు భాగం ఒక అంకె: ఎంతమందికి మేలు జరిగింది? ఒకే శిబిరం నుంచి ఈ ప్రశ్నకు నాలుగైదు వేర్వేరు జవాబులు వస్తాయి. అవన్నీ నిజమైనవే. వాటిలో పెద్దదాన్ని ఏరుకుని రాయడమే మన దగ్గర ఎక్కువగా జరిగేది.

అంకెలు ఎందుకు మారతాయో తెలియాలంటే శిబిరం ఎలా నడుస్తుందో చూడాలి. బడి ఆవరణలో ముందుగా పేరు, వయసు రాసి చీటీ ఇస్తారు. ఆరు మీటర్ల దూరంలో అక్షరాల చార్టు పెట్టి, చదువు రానివారికైతే ఇటూ అటూ తిరిగిన ‘ఈ’ గుర్తులు చూపి, ఒక్కో కంటి చూపును విడిగా కొలుస్తారు. తర్వాత టార్చిలైటుతో కన్ను పరీక్షిస్తారు. చత్వారం వచ్చినవారికి దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడే ఇస్తారు. దూరపు చూపుకు పవర్ కొలిచి ఆర్డరు పెట్టే అద్దాలు రెండు మూడు వారాలకు వస్తాయి. శుక్లం ముదిరినవారికి బీపీ, షుగరు చూసి ఆపరేషన్ జాబితాలో చేరుస్తారు.

ఆపరేషన్ మాత్రం బడిలో చేయరు, చేయకూడదు కూడా. రోగులను బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్లి, అక్కడి ఆపరేషన్ థియేటర్‌లోనే చేయాలని జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం నియమాలు చెబుతాయి. 2014 చివర్లో పంజాబ్‌లోని ఘుమాన్‌లో జరిగిన శిబిరంలో శుక్లాల ఆపరేషన్ల తర్వాత చాలామంది చూపు కోల్పోయారు. అందుకే ఆపరేషన్లు ఏ ఆసుపత్రిలో జరిగాయో ఉత్తరంలో ఒక వాక్యం తప్పక ఉండాలి.

ఇప్పుడు ఒక ఊహా శిబిరాన్ని తీసుకుని లెక్క చూద్దాం. రిజిస్టరులో 386 పేర్లు ఉన్నాయి. అందులో 12 రెండోసారి పడినవి: పొద్దున వచ్చి, అద్దాలు ఇంకో జత దొరుకుతాయేమోనని మధ్యాహ్నం మళ్లీ చీటీ రాయించుకున్నవారివి. కాబట్టి పరీక్ష చేయించుకున్నది 374 మంది. వీరిలో 100 మందికి ఏ వైద్యమూ అవసరం లేదు. 121 మంది దగ్గరి చూపు అద్దాలు తీసుకున్నారు. 44 మందికి దూరపు అద్దాలు ఆర్డరు పెట్టారు. 28 మందికి చుక్కల మందు ఇచ్చారు. నీటికాసులు, షుగరు వల్ల రెటీనా దెబ్బతినడం లాంటివి కనిపించిన 19 మందిని పెద్దాసుపత్రికి పంపారు. మిగిలిన 62 మందికి శుక్లం ఆపరేషన్ అవసరమని రాశారు. ఒకరికి అద్దాలూ, ఆపరేషనూ రెండూ అవసరమైతే పెద్ద అవసరం కిందే లెక్కవేశారు. అలా వేయకపోతే వర్గాల మొత్తం మనుషుల సంఖ్యను దాటిపోతుంది.

ఆ 62 మందిలో బస్సెక్కింది 45 మందే. మిగిలిన 17 మందిలో కొందరికి తోడు రాగలవారు లేరు. కొందరికి వరికోతలు. ఇంకొందరికి కంటికి కత్తి అంటేనే భయం. ఆసుపత్రిలో మళ్లీ పరీక్షిస్తే నలుగురిని ఆపేశారు. వారిలో ముగ్గురికి షుగరు ఎక్కువ, ఒకరికి కన్నీటి నాళంలో ఇన్‌ఫెక్షన్. ఆ నాళంలో చీము ఉండగా ఆపరేషన్ చేస్తే అది కన్ను లోపలికి చేరే ప్రమాదం ఉంది. చివరికి ఆపరేషన్ జరిగింది 41 మందికి, ఒక్కొక్కరికి ఒక్క కన్నే. ఇక్కడ మనుషుల లెక్క, కళ్ల లెక్క ఒకటే అయింది. తర్వాత రెండో కంటికీ చేస్తే రెండూ వేరవుతాయి. ఉత్తరంలో ఏ లెక్క రాస్తున్నారో చెప్పాలి.

ఇంతవరకూ రాసి ఉత్తరం ముగించేవారే ఎక్కువ. ఆపరేషన్ జరగడం, చూపు రావడం రెండూ ఒకటి కావు. కట్టు విప్పిన మర్నాడే చూపు కొంత తెలుస్తుంది గానీ, కన్ను కుదుటపడి, అవసరమైతే అద్దాల పవర్ తేల్చడానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ పరీక్షకు 41 మందిలో 36 మంది వచ్చారనుకుందాం. 31 మందికి చార్టులో 6/18 గీత లేదా అంతకంటే కిందిది కనిపించింది. అంటే మంచి ఫలితం. నలుగురిది ఓ మోస్తరు. ఒకరికి 6/60 కూడా కనిపించలేదు. ఆయనకు శుక్లం వెనకే నీటికాసులు ఉన్నాయని, నరం ముందే దెబ్బతిన్నదని శుక్లం తీశాకే తేలింది. నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు.

ఆపరేషన్ చేసిన కళ్లలో కనీసం 80 శాతం, రోగి దగ్గరున్న అద్దాలతో 6/18 చూడగలగాలని, 6/60 కన్నా తక్కువ చూపు మిగిలినవి 5 శాతం లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలబద్ద పెట్టింది. 36 మందిలో 31 అంటే 86 శాతం, కొలబద్ద దాటినట్టే. రాని ఐదుగురిని కూడా కలిపి 41 మందిలో 31 అంటే 76 శాతం, దాటనట్టు. రాని వారంతా బాగున్నారో, చూపు మందగించి మంచంలో ఉన్నారో కాగితం చెప్పదు. ఆశా కార్యకర్తను ఇంటికి పంపి కనుక్కుంటేనే తెలుస్తుంది. అందుకే 31, 36, 41 మూడూ రాయాలి. శాతం ఒక్కటే రాస్తే ఎవరిని వదిలేశారో దాతకు తెలియదు.

ఇక దాత డబ్బు ఎక్కడ ఖర్చయింది? ఇదే ఆపరేషన్లకు ఆసుపత్రికి ప్రభుత్వ గ్రాంటు కూడా వచ్చి ఉంటే, సంఘం ఇచ్చిన సొమ్ము బస్సులకు, భోజనాలకు, అద్దాలకు, చుక్కల మందుకు ఖర్చయిందని విడిగా చెప్పాలి. లేకపోతే ఒకే ఆపరేషన్‌ను ఇద్దరు దాతలు తమదని చెప్పుకుంటారు. పన్ను రాయితీకి ఇచ్చే 80జి రసీదు వేరు, ఈ ఉత్తరం వేరు.

ఇవన్నీ చేర్చితే ఉత్తరంలోని ముఖ్య భాగం ఇలా ఉంటుంది: “గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు నమస్కారం. మీ సహాయంతో జరిగిన శిబిరంలో 374 మంది కంటి పరీక్ష చేయించుకున్నారు. 121 మందికి దగ్గరి చూపు అద్దాలు ఇచ్చాం. ఆర్డరు పెట్టిన 44 జతల్లో 39 చేరాయి. 41 మందికి ఒక్కో కంటికి శుక్లం ఆపరేషన్ జరిగింది. ఆరు వారాల పరీక్షకు వచ్చిన 36 మందిలో 31 మందికి చూపు బాగుంది. ఐదుగురు రాలేదు, వారిని ఇంటికి వెళ్లి చూస్తున్నాం. ఆపరేషన్ రాసినా రాని 17 మంది జాబితా మా దగ్గర ఉంది.” రోగుల పేర్లు, ఫోటోలు వారి అనుమతి లేకుండా పెట్టకూడదు.

ఇలాంటి ఉత్తరం శిబిరం మర్నాడు రాయడం కుదరదు. వారంలోపు నాలుగు వాక్యాల కృతజ్ఞత పంపి, లెక్కల ఉత్తరాన్ని రెండు నెలలకు పంపడం సరైన పద్ధతి. ఆ 17 మందికి తోడుగా వచ్చేవారి బస్సు ఛార్జీలూ భోజనమూ ఎంతవుతాయో లెక్కగట్టి అందులోనే రాస్తే, సంఘం తర్వాతి సమావేశంలో చర్చించడానికి ఒక ఖచ్చితమైన ప్రతిపాదన ఉంటుంది.