ఇంటర్‌ప్రెటర్ వస్తున్నారు సరే, ఏ భాషకు?

హైదరాబాద్‌లో ఒక సంస్థకు గురువారం ఉదయం పదిన్నరకు 2 గంటల సమావేశం ఉందనుకుందాం. బయటి నుంచి వచ్చే ముగ్గురిలో ఒకరికి వినపడదు, ఆమె అమెరికాలో పెరిగారు. ఆఫీసు వాళ్లు వారం ముందే సైగల భాష ఇంటర్‌ప్రెటర్‌ను మాట్లాడుకున్నారు. రెండు రోజుల ముందు ఫోన్ చేస్తే, ‘వస్తున్నాను’ అన్నారు కూడా. ఇంత చేసినా ఆ సమావేశం ఆమెకు అర్థం కాకుండా పోవచ్చు.

వచ్చేది భారతీయ సైగల భాష తెలిసిన మనిషి, ఆమెది అమెరికన్ సైగల భాష. ఈ రెండూ వేర్వేరు భాషలు. అక్షరాలు చూపే పద్ధతి కూడా వేరే: అమెరికాలో ఒంటి చేత్తో చూపుతారు, మన దగ్గర ఎక్కువగా రెండు చేతులతో. ఇంగ్లిష్ మాట్లాడే అమెరికా, బ్రిటన్‌లలోనే సైగల భాషలు ఒకటి కావు. పెద్దయ్యాక వినికిడి పోయిన వారికైతే అసలు ఏ సైగల భాషా రాకపోవచ్చు. వారికి కావలసింది మాటలను అప్పటికప్పుడు తెర మీద అక్షరాలుగా చూపించే ఏర్పాటు.

అందుకే మొదటి ఫోన్ ఇంటర్‌ప్రెటర్‌కు కాదు, అతిథికి వెళ్లాలి. దాన్ని కూడా మెసేజ్‌గానో మెయిల్‌గానో పంపాలి. ‘మీకు ఏమైనా సాయం కావాలా?’ అని అడిగితే మొహమాటానికి ‘అక్కర్లేదండి’ అనేస్తారు. ‘మీరు ఏ సైగల భాష వాడతారు? ఎప్పుడూ మీతో పనిచేసే ఇంటర్‌ప్రెటర్ ఉన్నారా? తెర మీద అక్షరాలు కావాలా?’ అని అడిగితే సూటిగా జవాబు వస్తుంది. మన ఊళ్లో ఆ భాష తెలిసినవారు దొరకకపోతే వీడియో కాల్‌లో ఏర్పాటు చేసుకోవచ్చు, కానీ ఆ సంగతి ఆమెకు ముందే చెప్పి ఒప్పించుకోవాలి.

ఇంటర్‌ప్రెటర్‌తో మాట్లాడేటప్పుడు మొదట తేల్చుకోవలసింది ఎంతమంది వస్తున్నారన్నది. వింటూనే సైగ చేయడం మెదడుకు చాలా శ్రమ. 20 నిమిషాలు, అరగంట దాటితే తప్పులు పెరుగుతాయి. అందుకే 2 గంటలకు ఇద్దరు కావాలి, వంతులవారీగా మారుతుంటారు. ఒక్కరికే డబ్బు మంజూరు చేస్తే నష్టపోయేది అతిథే. ఎజెండా, హాజరయ్యేవారి పేర్లు, చూపించే స్లైడ్‌లు రెండు మూడు రోజుల ముందే వారికి అందాలి. పరికరాల పేర్లు, ఊళ్ల పేర్లు అప్పుడే మొదటిసారి వింటే అక్షరం అక్షరం చూపించుకుంటూ వెనకబడిపోతారు.

గదిని ముందురోజు ఒకసారి చూడాలి. ఇంటర్‌ప్రెటర్ కిటికీకి వీపు పెట్టి నిలబడితే వెలుతురుకు ముఖం, చేతులు నల్లగా కనిపిస్తాయి. మాట్లాడేవారి పక్కన, అతిథికి ఎదురుగా కుర్చీ వేయాలి. స్లైడ్‌ల కోసం లైట్లు ఆర్పేస్తే సైగలు కనపడవు. మాట్లాడుతూ కాగితాలు పంచవద్దని అధ్యక్షుడికి చెప్పి ఉంచాలి, ఆమె కళ్లు ఒకేసారి కాగితాన్నీ చేతులనూ చూడలేవు. ప్రశ్న అడిగేవారు ‘ఆమెను అడగండి’ అని ఇంటర్‌ప్రెటర్‌తో కాకుండా, ఆమె వైపు చూసి ‘మీరేమంటారు?’ అనాలి.